రెండు వాక్యాలను ఒకటి చేయమంటే ఎందుకు తడబడతాం?

ఈ వాక్యం చూడండి.

రవి చెప్పిన సంగతి నాకు తెలియదు.

దీని అర్థం ఏమిటని పదిమందిని అడిగితే రెండు జవాబులు వస్తాయి. రవి ఏదో ఒక సంగతి చెప్పాడు, ఆ సంగతేమిటో నాకు తెలియదు అని కొందరంటారు. రవి ఆ మాట బయట పెట్టేశాడట, అతను అలా చెప్పాడన్నదే నాకు తెలియదు అని మిగతావాళ్ళు అంటారు. ఇద్దరి మాటా నిజమే. రెండు వేరు వేరు జంటల వాక్యాలు కలిసిపోయి బయటికి ఒకే రూపంలో వచ్చాయి. మొదటి అర్థంలో ఉన్నది విశేషణ వాక్యం, రెండో అర్థంలో ఉన్నది నామవాక్యం.

"కింది రెండు సామాన్య వాక్యాలను కలిపి ఒక సంక్లిష్ట వాక్యంగా రాయండి" అనే ప్రశ్నలో చిక్కంతా ఇక్కడే ఉంది. చాలామంది దీన్ని అతికించే పని అనుకుంటారు. మొదటి వాక్యం చివర 'చేసిన' అనో 'చేయడం' అనో మార్చి, రెండోదాని ముందు పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు. సగం సార్లు సరిపోతుంది కూడా. మిగతా సగంలో ఎందుకు బెడిసికొడుతుందో తెలియాలంటే, ఈ రెండు రకాల ఉపవాక్యాలు లోపల ఎలా పనిచేస్తాయో కాస్త విప్పి చూడాలి.

ఒకదానిలో ఖాళీ ఉంటుంది, ఇంకోదానిలో ఉండదు

పెద్ద వాక్యంలో ఇమిడిపోయిన చిన్న వాక్యాన్ని ఉపవాక్యం అంటాం. ఏ వాక్యంలో అది ఇమిడిందో అది ప్రధాన వాక్యం. ఇంతవరకు బడిలో చెప్పిందే.

విశేషణ వాక్యం ఒక నామాన్ని వర్ణిస్తుంది. సీత ఒక ఉత్తరం రాసింది, ఆ ఉత్తరం తడిసిపోయింది అనే రెండు వాక్యాల్లో 'ఉత్తరం' రెండు చోట్లా ఉంది. కలిపితే "సీత రాసిన ఉత్తరం తడిసిపోయింది" అవుతుంది. ఇప్పుడు 'సీత రాసిన' అన్న ముక్కను విడిగా పట్టుకుని చూడండి. సీత ఏం రాసింది? ఆ ముక్కలో జవాబు లేదు. అక్కడ ఉండాల్సిన 'ఉత్తరం' బయటికి వచ్చి వెనక నిలబడింది. విశేషణ వాక్యంలో ఎప్పుడూ ఇలా ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో పట్టే నామమే దాని పక్కన ఉంటుంది.

నామవాక్యం అలా కాదు. సీత ఉత్తరం రాసింది, అది నాకు తెలుసు అనే జంటను కలిపితే "సీత ఉత్తరం రాసిందని నాకు తెలుసు" అవుతుంది. 'సీత ఉత్తరం రాసింది' అన్నది చెక్కు చెదరకుండా ఉంది, లోపల ఖాళీ ఏమీ లేదు. ఖాళీ ఉన్నది ప్రధాన వాక్యంలో. నాకు తెలుసు, కానీ ఏది తెలుసు? ఆ ఏదో ఒకటి ఉండాల్సిన చోట మొత్తం వాక్యం వచ్చి కూర్చుంది. ఒక నామం చేసే పని ఒక వాక్యం చేస్తోంది కాబట్టి నామవాక్యం.

ఒక్క ప్రశ్న చాలు రెండింటినీ విడదీయడానికి: ఖాళీ ఎక్కడ? ఉపవాక్యంలో ఉంటే విశేషణ వాక్యం, ప్రధాన వాక్యంలో ఉంటే నామవాక్యం. మొదటి వాక్యానికి తిరిగి వెళితే, 'రవి చెప్పిన' దగ్గర 'సంగతి' ఖాళీ ఉందనుకుంటే ఒక అర్థం, ఖాళీ లేదనుకుంటే ఇంకో అర్థం. తెలుగులో 'చెప్పిన' అన్న రూపం రెండు పనులూ చేస్తుంది. "రవి తెచ్చిన సంచి" అంటే సందేహం ఉండదు, ఎందుకంటే సంచి తేవడానికి వీలైన వస్తువు. "రవి ఓడిపోయిన సంగతి" అన్నా సందేహం ఉండదు, సంగతిని ఎవరూ ఓడిపోరు కదా. కానీ చెప్పడం, రాయడం, వినడం లాంటి క్రియల పక్కన సంగతి, విషయం, వార్త లాంటి నామాలు వస్తే రెండు అర్థాలకూ దారి తెరుచుకుంటుంది.

'అది' అన్న మాట దేన్ని చూపిస్తోంది?

పరీక్షలో ఇచ్చే జంటల్లో రెండో వాక్యం చాలాసార్లు 'అది' తోనో 'అతను' తోనో మొదలవుతుంది. అందరూ గబగబా దాటేసే మాట అదే. నా లెక్కలో ప్రశ్నంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

రవి ఒక పెట్టె తెచ్చాడు. అది బరువుగా ఉంది. ఇక్కడ 'అది' అంటే పెట్టె. ఒక నామం రెండు వాక్యాల్లోనూ ఉంది, కాబట్టి విశేషణ వాక్యం: "రవి తెచ్చిన పెట్టె బరువుగా ఉంది."

రవి ఉద్యోగం మానేశాడు. అది మాకు బాధ కలిగించింది. ఇక్కడ 'అది' అంటే ఉద్యోగం కాదు. మానేయడం. మొదటి వాక్యం మొత్తం ఆ రెండక్షరాల్లో ఇమిడి ఉంది. కాబట్టి నామవాక్యం: "రవి ఉద్యోగం మానేయడం మాకు బాధ కలిగించింది." దీన్నే "రవి మానేసిన ఉద్యోగం మాకు బాధ కలిగించింది" అని రాస్తే వాక్యం వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ బాధ పెట్టింది ఉద్యోగం అయిపోయింది. దిద్దేవాళ్ళు మార్కులు ఎందుకు కోశారో రాసినవాళ్ళకు అర్థం కాని సందర్భాల్లో ఇదొకటి.

ఇప్పుడు అసలైన చిక్కు జంట. రవి కొత్త ఇల్లు కొన్నాడు. అది అందరినీ ఆశ్చర్యపరిచింది.

ఆశ్చర్యపరిచింది ఇల్లా, కొనడమా? ఇల్లు అయితే "రవి కొన్న కొత్త ఇల్లు అందరినీ ఆశ్చర్యపరిచింది." కొనడం అయితే "రవి కొత్త ఇల్లు కొనడం అందరినీ ఆశ్చర్యపరిచింది." మొదటిదాంట్లో ఇల్లు చూసి నోరెళ్ళబెట్టారు. రెండోదాంట్లో ఇల్లు ఎలా ఉందో ఎవరూ చూసి ఉండకపోవచ్చు, రవి దగ్గర అంత డబ్బు ఎక్కడిదా అని ఆశ్చర్యపోయారు.

ఇలాంటి ప్రశ్నకు రెండు జవాబులూ ఒప్పుకోవాలా అన్న దాని మీద వాదన ఉంది. ఒప్పుకోవాలనేవాళ్ళు చెప్పేది సూటిగా ఉంటుంది: ఇచ్చిన మాటల్లో రెండు అర్థాలకూ చోటు ఉంటే, రాసినవాళ్ళు ఏది పట్టుకున్నా తప్పు పట్టడానికి వీల్లేదు. కూడదనేవాళ్ళ మాటలోనూ బలముంది. ప్రశ్న విశేషణ వాక్యాల పాఠం కింద ఇచ్చినదైతే, అది పరీక్షిస్తున్నది ఆ ఒక్క మెలకువనే కదా, ఇంకో దారిన పోయినవాడు ఆ మెలకువ చూపించినట్టు ఎలా అవుతుంది అని అడుగుతారు. నాకైతే తప్పు జవాబుది కాదు, ప్రశ్నది అనిపిస్తుంది. 'అది' బదులు 'ఆ ఇల్లు' అని రాసి ఉంటే గొడవే లేదు.

విశేషణ వాక్యంగా మారినప్పుడు ఏం పోతుంది?

సామాన్య వాక్యం విశేషణ వాక్యంగా మారేటప్పుడు కొన్ని సామాన్లు దారిలో జారిపోతాయి. క్రియ చివర ఉండే 'ను, వు, డు, ది, రు' అన్నీ పోతాయి. నేను చదివాను, వాళ్ళు చదివారు అన్నవి రెండూ 'చదివిన' అయిపోతాయి. ఇది పెద్ద నష్టం కాదు, కర్త పక్కనే ఉంటుంది కాబట్టి.

కాలం కూడా కొంత పోతుంది. మిగిలే రూపాలు ముఖ్యంగా నాలుగు: చదివిన, చదువుతున్న, చదివే, చదవని. 'వచ్చే రైలు' అంటే రోజూ వచ్చేదా, రేపు రాబోయేదా అన్నది పక్క మాటలు చెప్పాలి. వ్యతిరేకార్థంలో ఇంకా తక్కువ మిగులుతుంది. 'రాని మనిషి' అంటే నిన్న రానివాడు, ఎప్పుడూ రానివాడు, రేపు రాబోనివాడు, ముగ్గురూ. అందుకే "అతను నిన్న రాలేదు" అనే వాక్యాన్ని కలిపేటప్పుడు 'నిన్న' అన్న మాటను వదిలేస్తే కాలం జాడే ఉండదు.

అసలు నష్టం విభక్తి దగ్గర జరుగుతుంది. దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

రవి ఒక కత్తితో పండు కోశాడు, ఆ కత్తి విరిగింది. కలిపితే "రవి పండు కోసిన కత్తి విరిగింది." 'తో' ఏమైంది? ఖాళీతో పాటు పోయింది. అయినా మనకు అర్థమైంది, ఎందుకంటే పండు కోయడంలో కత్తి పాత్ర ఏమిటో లోకజ్ఞానం చెబుతుంది. రవి కుర్చీలో కూర్చున్నాడు అన్నది 'రవి కూర్చున్న కుర్చీ' అవుతుంది, 'లో' పోయింది, అయినా ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఈ రెండు చూడండి. రవి ఒక ఊరికి వెళ్ళాడు, ఆ ఊరు చాలా చిన్నది: "రవి వెళ్ళిన ఊరు చాలా చిన్నది." బాగానే ఉంది. రవి ఒక ఊరి నుంచి వచ్చాడు, ఆ ఊరు చాలా చిన్నది: "రవి వచ్చిన ఊరు చాలా చిన్నది." అర్థం తిరగబడింది. రవి ఏ ఊరికి వచ్చాడో ఆ ఊరు చిన్నది అన్నట్టు వినిపిస్తోంది. 'కు' పోయినా మనసు దాన్ని తిరిగి తెచ్చుకుంటుంది, 'నుంచి' పోతే తెచ్చుకోలేదు. 'కంటే' పోతే మరీ ఘోరం. సీత ఒక అమ్మాయి కంటే పొడుగు, ఆ అమ్మాయి ఇక్కడే ఉంది అన్న జంటను "సీత పొడుగైన అమ్మాయి" అంటూ మొదలుపెడితే, సీతే పొడుగైన అమ్మాయి అని వినేవాళ్ళు అనుకుంటారు.

కాబట్టి కలిపాక ఒక పరీక్ష చేసుకోవాలి. రాసిన వాక్యాన్ని మళ్ళీ రెండుగా విడగొట్టండి, మొదట ఇచ్చిన వాక్యాలు చూడకుండా. 'రవి వచ్చిన ఊరు' అన్నదాన్ని విడగొడితే 'రవి ఊరికి వచ్చాడు' అని వస్తుంది. ఇచ్చింది అది కాదు. అంటే దారిలో ఏదో జారిపోయింది.

జారిపోయిన విభక్తిని కాపాడే దారి

తెలుగులో ఇంకో పద్ధతి ఉంది: "ఏ ఊరి నుంచి రవి వచ్చాడో ఆ ఊరు చాలా చిన్నది." ఇందులో ఖాళీ లేదు. ఖాళీ ఉండాల్సిన చోట 'ఏ ఊరి నుంచి' అని విభక్తితో సహా ఒక ప్రశ్నార్థక పదం నిలబడింది, క్రియ చివర 'ఓ' చేరింది, ప్రధాన వాక్యంలో 'ఆ ఊరు' దానికి జవాబు పలికింది. విభక్తి ఎక్కడికీ పోలేదు, క్రియ చివరి 'డు' కూడా అలాగే ఉంది.

"సీత ఎవరి కంటే పొడుగో ఆ అమ్మాయి ఇక్కడే ఉంది" అంటే కూడా అర్థం నిలబడుతుంది. ఎవరి... ఆ, ఎక్కడ... అక్కడ, ఎంత... అంత అని జోడీలు నడుస్తాయి. 'ఎంత చెట్టుకు అంత గాలి' అన్న సామెతలో ఉన్నది ఈ జోడీయే, క్రియ మాత్రం బయటికి కనిపించదు.

ఈ పద్ధతి మీద రెండు అభిప్రాయాలున్నాయి. ఇది తెలుగు నడక కాదు, సంస్కృతం నుంచి వచ్చిన అలవాటు అని కొందరంటారు. ద్రావిడ భాషలకు ఇది ముందు నుంచీ సొంతమేనని ఇంకొందరి వాదన. ఏది నిజమైనా, 'ఎవరు ముందు వస్తారో వాళ్ళకే చోటు' లాంటి వాక్యం ఇవాళ ఎవరి చెవికీ పరాయిగా వినిపించదు. చెవికి గుచ్చుకునేది 'ఎవరైతే' తో మొదలయ్యే రకం. "ఎవరైతే కష్టపడి చదివారో వారు పాసయ్యారు" అని రాస్తే మార్కులు రావచ్చు. కానీ "కష్టపడి చదివినవాళ్ళు పాసయ్యారు" అని మూడు మాటల్లో అయిపోయే చోట అంత హడావిడి ఎందుకు? విభక్తి జారిపోయే ప్రమాదం ఉన్న చోటే ఈ జోడీని వాడటం నయం.

నామవాక్యానికి మూడు తొడుగులు

విశేషణ వాక్యం దగ్గర ఒక అచ్చు ఉంటే చాలు. నామవాక్యం దగ్గర ఏ అచ్చు వాడాలో ప్రధాన క్రియ చెబుతుంది.

అనడం, అనుకోవడం, వినడం, నమ్మడం, భయపడటం లాంటి క్రియలు 'అని' ని కోరుకుంటాయి. రవి వచ్చాడు, అలా విన్నాను: "రవి వచ్చాడని విన్నాను." కంటితో చూసినది, మనసుకు నచ్చినది చెప్పేటప్పుడు 'డం' కావాలి. రవి వస్తున్నాడు, అది చూశాను: "రవి రావడం చూశాను." ఇక్కడ "రవి వస్తున్నాడని చూశాను" అంటే కుదరదు. మరిచిపోవడం, దాచడం, బయటపడటం లాంటివి 'సంగతి' నో 'విషయం' నో వెంట తెచ్చుకుంటాయి: "రవి వచ్చిన సంగతి మరిచిపోయాను."

ఇవి ఒకదాని బదులు ఒకటి వాడుకోగల మాటల్లా కనిపిస్తాయి గానీ, వీటి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. "రవి ఓడిపోయాడని అన్నారు" అంటే రవి ఓడిపోయాడో లేదో నేను చెప్పడం లేదు. "రవి ఓడిపోయిన సంగతి చెప్పారు" అంటే ఓడిపోవడం నిజమని నేను ఒప్పుకున్నట్టే. పుకారును 'సంగతి' తో కలిపితే అది వార్త అయిపోతుంది. రవి ఓడిపోయాడు, ఆ మాట అబద్ధం అనే జంట ఇచ్చారనుకోండి. "రవి ఓడిపోయిన సంగతి అబద్ధం" అంటే వాక్యం తన కాలు తానే తొక్కుకుంటుంది. "రవి ఓడిపోయాడన్న మాట అబద్ధం" అనాలి. 'అన్న' చేరగానే ఆ మాట బరువు చెప్పినవాళ్ళ మీదికి పోతుంది, రాసేవాళ్ళ మీద ఉండదు.

మొదటి వాక్యం ప్రశ్న అయితే? అతను ఎక్కడ ఉంటాడు, అది నాకు తెలియదు: "అతను ఎక్కడ ఉంటాడో నాకు తెలియదు." మళ్ళీ ఆ 'ఓ' నే వచ్చింది. అవునా కాదా అనే ప్రశ్న అయితే "వస్తాడో రాడో తెలియదు" అని రెండు వైపులా చెప్పాలి.

'తను' చేసే చిత్రం

'అని' వాడేటప్పుడు ఒక దగ్గర చాలామంది ఆగిపోతారు. "నేను రేపు వస్తాను." ఇలా రవి చెప్పాడు. ఈ జంటను కలపాలి.

"నేను రేపు వస్తానని రవి చెప్పాడు" అని రాస్తే, వస్తానన్నది రవా, ఈ వాక్యం చెబుతున్న నేనా? కొందరికి రవి అనే వినిపిస్తుంది, కొందరికి నేను అనే వినిపిస్తుంది. "అతను రేపు వస్తాడని రవి చెప్పాడు" అంటే వచ్చేది మూడోవాడెవరో అన్నట్టు ఉంటుంది. వచ్చేది రవేనని ఖాయంగా చెప్పే వాక్యం ఇది: "తను రేపు వస్తానని రవి చెప్పాడు."

ఇందులో కర్త 'తను', క్రియ 'వస్తాను'. ప్రథమ పురుష కర్తకు ఉత్తమ పురుష క్రియ! వ్యాకరణం పాఠంలో అయితే 'తను వస్తాడు' అనాలి. కానీ 'అని' కి లోపల మాట్లాడుతున్న మనిషి గొంతు కొంచెం మిగిలిపోతుంది. కర్త దగ్గర వినేవాళ్ళ వైపు తిరిగి 'తను' అయింది, క్రియ దగ్గర రవి నోటి మాటగానే 'వస్తాను' అని ఉండిపోయింది. తెలుగు మాట్లాడేవాళ్ళందరూ ఏ పాఠం లేకుండా రోజూ వాడేది ఇదే. పరీక్ష కాగితం మీద మాత్రం చాలామంది భయపడి 'వస్తాడని' అని దిద్దుకుంటారు, దిద్ది అర్థం మార్చుకుంటారు.

సంక్లిష్ట వాక్యం నిర్వచనంలో ఒక పగులు

బడి పుస్తకాల్లో సంక్లిష్ట వాక్యానికి చెప్పే గుర్తు ఏమిటంటే, ఒకే సమాపక క్రియ ఉండాలి, మిగతావన్నీ అసమాపక క్రియలై ఉండాలి. 'సీత రాసిన ఉత్తరం తడిసిపోయింది' దీనికి చక్కగా సరిపోతుంది. 'రవి రావడం చూశాను' కూడా సరిపోతుంది. కానీ 'రవి వచ్చాడని విన్నాను' లో 'వచ్చాడు' పూర్తి సమాపక క్రియే. 'అతను ఎక్కడ ఉంటాడో తెలియదు' లో 'ఉంటాడు' కూడా అంతే.

ఈ రకం వాక్యాలను సంక్లిష్టంలో కలపకుండా, ప్రత్యక్ష పరోక్ష కథనాల కింద విడిగా చెప్పడం పాత పద్ధతి. అలా చెప్పేవాళ్ళకు నిర్వచనం చెక్కుచెదరదు. వాక్యం లోపల వాక్యం ఉంటే అది సంక్లిష్టమే, లోపలి క్రియ ఏ రూపంలో ఉంటే ఏమిటి అనేది భాషాశాస్త్రం వైపు మాట. నాకు రెండోదే సబబుగా తోస్తుంది, ఎందుకంటే 'రవి రాక గురించి విన్నాను' నుంచి 'రవి వచ్చాడని విన్నాను' వరకు జరుగుతున్న పని ఒకటే, నామం ఉండాల్సిన చోట వాక్యం రావడం. అయితే పరీక్ష రాసేవాళ్ళు తమ పుస్తకం ఏ పద్ధతి పట్టుకుందో చూసుకోక తప్పదు.

ఇదే పని ఇంగ్లీషులో చేయాల్సి వస్తే

ఇలాంటి ప్రశ్నలు ఇంగ్లీషు పేపర్లోనూ వస్తాయి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాళ్ళు చేసే తప్పులు చాలావరకు పైన చెప్పినవాటి నుంచే పుడతాయి.

తెలుగులో విభక్తి జారిపోతుందని చూశాం కదా. 'నేను రాసిన పెన్ను ఇదే' అన్నది మనకు పూర్తి వాక్యం. దాన్నే ఇంగ్లీషులో దించి "దిస్ ఈజ్ ది పెన్ విచ్ ఐ రోట్" అంటే, నేను పెన్నును రాశాను అని అర్థం వస్తుంది. అక్కడ 'విత్' పోకూడదు: "దిస్ ఈజ్ ది పెన్ విచ్ ఐ రోట్ విత్." లేదా 'విత్' ను ముందుకు తెచ్చి 'విత్ విచ్' అనాలి. ఇంగ్లీషులో ఖాళీ ఏర్పడినా విభక్తి పని చేసే మాట మిగిలే ఉంటుంది. ఇది తెలిసినవాళ్ళు కొందరు అటువైపు మరీ ఎక్కువగా వాలి, ఖాళీని కూడా నింపేస్తారు: "ది బుక్ విచ్ ఐ బాట్ ఇట్." 'విచ్' వచ్చాక 'ఇట్' కు అక్కడ పని లేదు.

'అతని తండ్రి డాక్టరు' లాంటి వాక్యం కలపడం తెలుగులో కొంచెం ఇరుకు. 'తండ్రి డాక్టరైన అబ్బాయి' అంటాం. ఇంగ్లీషులో దానికోసమే ఒక మాట ఉంది: "దిస్ ఈజ్ ది బాయ్ హూజ్ ఫాదర్ ఈజ్ ఎ డాక్టర్." 'హిజ్' ఉన్న చోట 'హూజ్' వచ్చి ముందుకు జరిగింది.

ప్రశ్న నామవాక్యంగా మారే చోట ఇంకో రకం తప్పు. "వేర్ డజ్ హి లివ్? ఐ డోంట్ నో" అన్నదాన్ని కలిపితే "ఐ డోంట్ నో వేర్ హి లివ్స్" కావాలి. ప్రశ్న కోసం వచ్చిన 'డజ్' వెళ్ళిపోతుంది, క్రియ తన మామూలు రూపానికి తిరిగి వస్తుంది. తెలుగులో ప్రశ్నకూ మామూలు వాక్యానికీ పదాల వరుస మారదు, చివర 'ఓ' చేరుతుందంతే. అందుకే వరుస మార్చాలన్న సంగతి మనకు తట్టదు.

ఒక చోట మాత్రం ఇంగ్లీషులోనూ రెండు రకాలకు ఒకే ముసుగు ఉంది. "ది న్యూస్ దట్ రవి బ్రాట్" అంటే రవి తెచ్చిన వార్త, "ది న్యూస్ దట్ రవి లాస్ట్" అంటే రవి ఓడిపోయాడన్న వార్త. రెండు చోట్లా 'దట్' ఉంది. మొదటిదాంట్లో 'దట్' తీసి 'విచ్' పెట్టవచ్చు, ఎందుకంటే అక్కడ ఖాళీ ఉంది. రెండోదాంట్లో పెడితే వాక్యం చెడిపోతుంది.

ఇప్పుడు మొదటి వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమన్నారనుకోండి. రవి చెప్పిన సంగతి నాకు తెలియదు. రవి ఏం చెప్పాడో తెలియకపోతే "ఐ డోంట్ నో వాట్ రవి సెడ్." అతను చెప్పేశాడన్నది తెలియకపోతే "ఐ డిడ్ంట్ నో దట్ రవి హాడ్ సెడ్ ఇట్." తెలుగులో ఒకటిగా ఉన్న వాక్యం అక్కడ రెండు వాక్యాలుగా విడిపోయింది. ఏది రాయాలో ఆ తెలుగు వాక్యాన్ని ఎంతసేపు చూసినా తెలియదు, అది ఏ రెండు వాక్యాలు కలిస్తే పుట్టిందో వెనక్కి వెళ్ళి చూడాల్సిందే.